మోతీ పోయిన ఇంటికి ఉత్తరం

గత వేసవిలో ఒకనాటి సాయంకాలం నా మిత్రుడొకడు ఫోను చేసి, "మోతీ పోయిందిరా" అన్నాడు. మోతీ అతని కుక్క. పదమూడు సంవత్సరాలుగా ఆ ఇంట్లో ఉన్నది. నేను "అయ్యో" అన్నాను. ఆ తరువాత ఏమనవలెనో తోచక, "దానికి వయసు వచ్చినది కదా" అన్నాను. అటువైపు క్షణకాలం మాట లేదు. "అవును, వచ్చింది" అని మెల్లగా అని, అతడు ఫోను పెట్టివేసినాడు.

నేనన్నది అబద్ధం కాదు. అయినా ఆ మాటతో నేను అతని ముఖం మీద తలుపు వేసినట్లయినదని నాకు వెంటనే తెలిసినది. దాన్ని దిద్దుకోవడానికి ఒక ఉత్తరం వ్రాయవలెనని ఆ రాత్రి కూర్చున్నాను. మనిషి పోయిన ఇంటికి ఎట్లా వ్రాయవలెనో మనకు కొంత అలవాటు ఉన్నది. పెంపుడు జంతువు పోయిన ఇంటికి వ్రాయడం అలవాటు లేదు. ఆ ఒక్క ఉత్తరం వ్రాయడంలో నేను చేసిన పొరపాట్లు, వాటిని దిద్దుకొన్న తీరు ఈనాడు పాఠకులకు విన్నవిస్తాను.

మనిషి మరణించినప్పుడు శోకానికి మన సమాజం ఒక చోటు చూపిస్తుంది. బంధువులు పలకరించడానికి వస్తారు. ఇరుగుపొరుగువారు అన్నం వండి పంపుతారు. పదవనాడు ఒక కార్యం ఉన్నది, సంవత్సరానికి మరొకటి ఉన్నది. ఉద్యోగికి సెలవు దొరుకుతుంది. వచ్చినవారికి ఏమనవలెనో తెలియకపోయినా, ఊరక వచ్చి కూర్చుంటే చాలును. కుక్క పోయినవానికి ఇవేవీ లేవు. మరునాడు మామూలుగా కచేరీకి వెళ్లవలె. ఎవరైనా "ఏమిటి అట్లా ఉన్నావు?" అని అడిగితే, "ఏమీ లేదు" అనవలె. కెనెత్ డోకా అనే అమెరికన్ పండితుడు 1989లో ప్రకటించిన ఒక గ్రంథంలో, ఇటువంటి శోకాన్ని గుర్తింపు దక్కని శోకమని వర్ణించినాడు. అనగా దుఃఖం లేకపోవడం కాదు, దుఃఖించడానికి నలుగురి అనుమతి లేకపోవడం. అందుచేత ఆ దుఃఖానికి సిగ్గు కూడా తోడవుతుంది.

సిగ్గుపడనివారు కూడా ఉన్నారు. స్కాట్లండు నవలాకారుడు సర్ వాల్టర్ స్కాట్‌కు క్యాంప్ అనే కుక్క ఉండేది. 1809లో అది చనిపోయిన రోజున ఆయన ఒక ఇంటికి విందుకు వెళ్లవలసి ఉన్నది. ప్రియమైన పాతమిత్రుడు మరణించినందువలన రాలేనని ఆయన కబురు పంపినాడు. ఎడింబరో నగరంలో తన ఇంటి వెనుక తోటలోనే, వెన్నెలలో, కుటుంబమంతా చుట్టూ నిలిచి ఉండగా దాన్ని పూడ్చిపెట్టినాడు. ఆ కబురులో కుక్క అన్న మాట లేదు, మిత్రుడన్న మాట ఉన్నది. పరామర్శ లేఖ చేయవలసిన మొదటి పని ఇదే. పోయినదెవరో, పోగొట్టుకొన్నవానికి అది ఏమయ్యేదో, ఆ పేరుతోనే దాన్ని పిలవడం.

ఇక నా మొదటి ప్రతి సంగతి. అందులో నాలుగు వాక్యాలున్నవి. "మోతీ మరణవార్త విని మిక్కిలి చింతించినాను. పుట్టిన ప్రాణికి గిట్టక తప్పదు. పదమూడేళ్లు బ్రతకడం కుక్కకు దీర్ఘాయువే. త్వరలో మరొక పిల్లను తెచ్చుకొంటే మనసు కుదుటపడుతుంది."

మరల చదువుకొంటే, మొదటి వాక్యంలో తప్ప మోతీ లేదు. రెండవది ఏ చావుకైనా చెల్లే మాట. ఏ చావుకైనా చెల్లేది ఈ చావుకు చెల్లదు. మూడవది నేను ఫోనులో అన్న మాటే, ఇంకొంచెం మర్యాదగా. పదమూడేళ్లు అన్నది మనకు ఓదార్పుగా తోస్తుంది. అతనికి అది పోయినదాని కొలత. కొడుకు బడిలో చేరిననాడు వచ్చిన కుక్క, కొడుకు ఉద్యోగానికి పొరుగూరు వెళ్లేదాకా ఉన్నది. సంవత్సరాలు ఎక్కువైనకొద్దీ లోటు పెరుగుతుంది కాని తగ్గదు. నాలుగవ వాక్యం అన్నిటిలోకి చెడ్డది. పగిలిన కుండకు బదులు మరొక కుండ తెచ్చుకొమ్మన్నట్లున్నది. మరొక కుక్కను తెచ్చుకోవడం తప్పు కాదు. కొందరు నెలకే తెచ్చుకొంటారు, కొందరు ఎన్నటికీ తెచ్చుకోరు. అది వారు చెప్పవలసిన మాట, మనం చెప్పవలసినది కాదు.

ఆ కాగితం చింపివేసి, మరునాటి ఉదయం అతని భార్యకు ఫోను చేసినాను. ఆమెను నేను చెల్లెమ్మా అని పిలుస్తాను. "ఏం జరిగిందమ్మా?" అని అడిగి ఊరుకొన్నాను. ఆమె చెప్పినదంతా విన్న తరువాత, వ్రాయవలసినదేమిటో నాకు బోధపడినది.

మోతీకి మూత్రపిండాలు చెడిపోయినవట. కొన్ని వారాలుగా నీళ్లు ఎక్కువగా తాగుతూ ఉండేది. ఎండలవల్ల కాబోలుననుకొన్నారు. తరువాత తిండి మానినది, వాంతులైనవి. పశువైద్యుడు రక్తం పరీక్ష చేయించి, నాలుగు రోజులు సెలైను ఎక్కించినాడు. గుణం కనిపించలేదు. నోటిలో పుండ్లు లేచినవి, నిలబడలేకపోయినది. ఇక బాధ తప్ప మిగిలినది లేదని వైద్యుడు చెప్పగా, ఇంజెక్షను ఇచ్చి దాన్ని సుఖంగా పంపివేయడానికి మిత్రుడు ఒప్పుకొన్నాడు. దాని తల తన ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు.

"అప్పటినుంచీ మూడు మాటలే అంటున్నారన్నయ్యా" అన్నది ఆమె. "నేను ముందే కనిపెట్టి ఉంటే బ్రతికేది అంటారు. ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను స్వర్గం కోసమైనా విడవలేదు, నేను చేతులారా విడిచిపెట్టినాను అంటారు. ఇంజెక్షను చేసిన తరువాత కూడా అది కళ్లు తెరిచే ఉన్నది, ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చినది, దానికి బ్రతకాలని ఉన్నదేమో అంటారు."

మనిషి చావులో మనకు దుఃఖం ఉంటుంది. ఇటువంటి చావులో దుఃఖంతోపాటు తీర్పు కూడా ఉంటుంది. జంతువు తన బాధ నోటితో చెప్పలేదు. ఎప్పుడు వైద్యునికి చూపించవలెనో, ఎప్పుడు చాలించవలెనో యజమానుడే నిర్ణయించవలె. నిర్ణయించినవాడే ఆ తరువాత తనను తాను బోనులో నిలబెట్టుకొంటాడు. "బాధపడకు" అన్న మాట ఆ బోనుదాకా చేరదు. అతడు తనను తాను అడుగుతున్న ప్రశ్నకే జవాబు కావలె. ఆ జవాబు నిజమై ఉండవలె. అందుచేత నేను పరిచితుడైన ఒక పశువైద్యుని వద్దకు వెళ్లి ఈ మూడు సంగతులు అడిగినాను.

మొదటి ప్రశ్నకు ఆయన చెప్పినది ఇది. ముసలి కుక్కలలో మూత్రపిండాలు నెమ్మదిగా, నెలల తరబడి, చాటుగా చెడిపోతూ ఉంటవి. చెడిన భాగం చేయవలసిన పనిని మిగిలిన భాగం తన మీద వేసుకొంటుంది. దాహం, మూత్రం ఎక్కువకావడం అనే మొదటి గుర్తులు కనిపించేటప్పటికే సుమారు మూడింట రెండు వంతుల శక్తి పోయి ఉంటుంది. మామూలు రక్తపరీక్షలో క్రియాటినిన్ అనే పదార్థం పెరిగినట్లు తేలేటప్పటికి సుమారు నాలుగింట మూడు వంతులు పోయి ఉంటుంది. పోయిన భాగం తిరిగి రాదు. కొంచెం ముందు కనిపెట్టి ఆహారం మార్చి ఉంటే కొంతకాలం దక్కేదేమో కాని, జబ్బు తప్పేది కాదు. నీళ్లగిన్నె వైపు చూసి ఏ యజమానుడూ దీన్ని మొదట్లోనే పసిగట్టలేడు.

మూడవ ప్రశ్నకు చెప్పినది మరింత ముఖ్యం. ఆ ఇంజెక్షనులో ఉండేది మత్తుమందే. శస్త్రచికిత్సలకు వాడే జాతి మందును మోతాదు బాగా పెంచి, ముందుకాలి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. కొద్ది సెకండ్లలోనే మెదడు నిద్రలో మునిగిపోతుంది. ఊపిరి, ఆ తరువాత గుండె ఆగేది కొన్ని నిమిషాలలో. మెదడు నిద్రపోయిన తరువాత జరిగేది ఏదీ జంతువుకు తెలియదు. కనురెప్పలు మూయడానికి కండరం పని చేయవలె. ఆ పని ఆగిపోతుంది కనుక కళ్లు తెరుచుకొనే ఉంటవి. ఒకటి రెండు దీర్ఘశ్వాసలు రావచ్చును, కాలు అదరవచ్చును, మూత్రం పోవచ్చును. అవి కండరాలు తమంతట తాము చేసే పనులే కాని, బ్రతకాలన్న ఆరాటం కాదు. వైద్యులు ఈ సంగతి ముందుగా చెప్పడం మంచిది. చెప్పని చోట, చూసినవాని మనసులో ఆ ఒక్క శ్వాస ఏళ్ల తరబడి నిలిచిపోతుంది.

ఇక రెండవది, ధర్మరాజు సంగతి. దీనికి వైద్యుని వద్ద జవాబు లేదు. మహాప్రస్థానిక పర్వకథ మన ఇళ్లలో చిన్నప్పటినుండి విన్నదే. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కుమన్నప్పుడు, ఆశ్రయించినదాన్ని విడిచి తాను రానని ధర్మరాజు అంటాడు. ఆ కుక్క ధర్మదేవతయే అని తరువాత తెలుస్తుంది. కుక్క పోయిన ఇంటికి వ్రాసేవారు ఈ కథను పొగడ్తగా ఉదహరించడం కద్దు. కాని తన చేతనే ఒప్పుకొని పంపివేసిన మనిషికి ఆ కథ ముల్లువలె గుచ్చుకొంటుందని నేను అంతకు ముందు ఎన్నడూ ఆలోచించలేదు. కథను జాగ్రత్తగా తలచుకొంటే, ధర్మరాజు నిరాకరించినది తన సుఖం కోసం దాన్ని వదలివేయడాన్ని. నా మిత్రుడు తన సుఖం కోసం ఏమీ చేయలేదు. తన సుఖమే చూసుకొంటే దాన్ని మరి రెండు రోజులు ఉంచుకొనేవాడు.

ఈ మూడూ మనసులో పెట్టుకొని వ్రాసిన ఉత్తరం ఇది.

"ప్రియమిత్రమా,

ఫోనులో 'వయసు వచ్చినది కదా' అన్నాను. అనవలసిన మాట కాదు. మన్నించు.

మోతీ లేని మీ ఇల్లు ఊహించుకోవడం నాకే కష్టంగా ఉన్నది. నేను వచ్చినప్పుడల్లా అది గేటు దగ్గర రెండుసార్లు మొరిగి, నన్ను గుర్తుపట్టగానే సిగ్గుపడినట్లు తల దించుకొని, నా చెప్పు ఒకటి నోట కరచుకొని నీ కుర్చీ కిందికి పోయేది. వెళ్లేటప్పుడు ఆ చెప్పు కోసం దాన్ని బతిమాలుకోవలసి వచ్చేది. ఇకమీదట నా చెప్పులు రెండూ గుమ్మం దగ్గరే ఉంటవని తలచుకొంటే మనసు బాగా లేదు.

నీవు పడుతున్న బాధలో కొంత చెల్లెమ్మ చెప్పినది. అందుకని ఒక పశువైద్యుని అడిగినాను. ఆ జబ్బు బయటపడేటప్పటికే మూత్రపిండాలు చాలా భాగం పోయి ఉంటవట. నీళ్లు ఎక్కువ తాగడం జబ్బుకు మొదలు కాదు, అప్పటికే దూరం వెళ్లిన జబ్బుకు గుర్తు. నీవు చూసి ఊరుకొన్నది ఏదీ లేదు. కనిపించగానే వైద్యుని వద్దకు తీసుకొనివెళ్లినావు.

చివరి ఊపిరి సంగతి కూడా అడిగినాను. అప్పటికి మోతీ గాఢనిద్రలో ఉన్నది. కళ్లు తెరిచి ఉండడం, ఊపిరి పీల్చడం శరీరం తనంతట చేసే పనులు. దానికి తెలిసిన ఆఖరి సంగతి నీ ఒడి, నీ చేయి.

ధర్మరాజు కుక్కను వదలి తాను సుఖపడనన్నాడు. నీవు దాని సుఖం కోసం నీ దుఃఖానికి ఒప్పుకొన్నావు. దాన్ని విడిచిపెట్టడమని నేను అనలేను. కడదాకా వెంట ఉండడమంటాను.

ఆదివారం ఉదయం వస్తాను. మాట్లాడవలెనని లేదు, ఊరక కూర్చుందాము. ఈ ఉత్తరానికి జవాబు వ్రాయనక్కరలేదు."

ఉత్తరంలో పొగడ్త లేదు, వేదాంతం లేదు. ముందుగా నా తప్పు ఒప్పుకొన్నాను, ఎందుకంటే ఆ మాట మా ఇద్దరి మధ్య ఇంకా నిలిచి ఉన్నది. తరువాత నేను కళ్లారా చూసినది ఒకటి వ్రాసినాను. పరామర్శ లేఖలో అందరికన్న విలువైన వాక్యం ఇదే. "చాలా విశ్వాసం గల కుక్క" అని ఎవరైనా వ్రాయగలరు. చెప్పు సంగతి నేను తప్ప మరొకరు వ్రాయలేరు. మోతీ తన ఇంటివారికి మాత్రమే కాక, మరొక మనిషికి కూడా ఉండేదని దానివలన ఆ ఇంటికి తెలుస్తుంది. మీరు ఆ జంతువును ఎన్నడూ చూడకపోతే కల్పించకండి. మీ మిత్రుడు దాన్ని గూర్చి చెప్పినది ఏదైనా జ్ఞాపకం తెచ్చుకొని, "నీవు ఒకసారి చెప్పినావు" అని వ్రాయండి. అది కూడా చాలును.

అయితే ఈ ఉత్తరాన్ని ప్రతి ఇంటికీ నకలు వ్రాసి పంపడానికి వీలు లేదు. ఇంజెక్షను వివరాలు నేను వ్రాసినది అతడు అక్కడే ఉండి, చూసి, దాన్నే తలచుకొంటూ ఉన్నాడని తెలిసినందువలన. చూడలేక బయట నిలబడినవానికి అదే వ్రాస్తే, లేని దృశ్యాన్ని మనమే కళ్ల ముందు పెట్టినవారమవుతాము. ఏ బాధ ఉన్నదో తెలియనప్పుడు మందు వ్రాయకూడదు. జ్ఞాపకం ఒకటి వ్రాసి, వస్తానని చెప్పి ముగించడం మేలు.

ఇంకొక కష్టమైన సందర్భం ఉన్నది. కొన్నిచోట్ల తప్పు నిజంగానే జరిగి ఉంటుంది. గేటు తెరిచి ఉంచడంవలన కుక్క రోడ్డు మీదికి పరుగెత్తి బండి కింద పడవచ్చును. ఎలుకలకు పెట్టిన మందు పిల్లి తినవచ్చును. అప్పుడు "నీ తప్పేమీ లేదు" అని వ్రాస్తే, నిజం తెలిసిన ఆ మనిషి మీ తక్కిన మాటలను కూడా నమ్మడు. "ఒక్క నిమిషం ఏమరుపాటు జరిగినది. అది నీకు తెలుసు, నేను కాదనను. కాని ఆ ఒక్క నిమిషం, నీవు దాన్ని ఇన్నేళ్లు సాకిన దినాలను చెరిపివేయలేదు" అని వ్రాయవచ్చును. ఇందులో నింద లేదు, అబద్ధమూ లేదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే వారికి వేరుగా రెండు పంక్తులు వ్రాయడం మంచిది. వారికి "నిద్రపోయింది" అని గాని, "ఊరికి వెళ్లింది" అని గాని వ్రాయకండి. నిద్రపోయినది లేవలేదంటే, పిల్లవాడు ఆ రాత్రి తాను నిద్రపోవడానికి జంకుతాడు. ఊరికి వెళ్లిందంటే గేటు దగ్గర ఎదురుచూస్తాడు. "చనిపోయింది, ఇక రాదు, దాన్ని తలచుకొంటే నాకూ ఏడుపు వస్తున్నది" అని తేట మాటలతో చెప్పవలె. పిల్లలు దాని బొమ్మ వేసి పంపితే, అందినదని జవాబు వ్రాయవలె.

కాలం విషయం ఒక మాట. వార్త తెలిసిన రోజుననే ఫోనులో రెండు పంక్తుల సందేశం పంపడంలో దోషం లేదు. పేరుతో సహా, "మోతీని గూర్చి విన్నాను, మనసంతా అక్కడే ఉన్నది, ఉత్తరం వ్రాస్తాను" అంటే చాలును. అసలు ఉత్తరం వారంలోగా అందవలె. నెల దాటిన తరువాత మరొక కార్డు వ్రాస్తే మరీ మంచిది. మొదటి వారంలో కనీసం నలుగురైనా అడుగుతారు. నెల తరువాత అడిగేవారుండరు. అప్పుడే ఇంట్లో నీళ్లగిన్నె ఎక్కడ పెట్టవలెనన్న ప్రశ్న వస్తుంది. వారాలు గడిచినా మిత్రుడు అన్నం తినక, నిద్రపోక, పనికి వెళ్లలేక ఉంటే, ఉత్తరాలతో సరిపెట్టక వైద్యుని వద్దకు వెంటబెట్టుకొని వెళ్లవలె.

ఆదివారం నేను వెళ్లినాను. గేటు దగ్గర అలికిడి లేదు. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్లి కూర్చున్నాను. చెల్లెమ్మ కాఫీ తెచ్చినది. చాలాసేపు ముగ్గురమూ ఏమీ మాట్లాడలేదు. లేచి వస్తున్నప్పుడు, గుమ్మం దగ్గర పక్కపక్కన ఉన్న ఆ రెండు చెప్పుల వైపు మిత్రుడు చూసినాడు. చూసి, నన్ను మళ్లీ కూర్చోబెట్టి, మోతీ మొదటిసారి ఇంటికి వచ్చిన వానరోజు సంగతి మొదలుపెట్టినాడు. నేను ఇంటికి చేరేటప్పటికి మధ్యాహ్నం రెండు దాటినది.